ఆషాఢం సేల్ గిట్టుబాటయ్యేదెప్పుడు?

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, శుభకార్యాలుండవు. కొత్త కోడళ్లు పుట్టింట్లో ఉంటారు. బట్టల కొట్లకు ఒకప్పుడు ఇది ఖాళీ నెల. ఇప్పుడు ఊరూరా ఫ్లెక్సీలు కట్టి తగ్గింపు ధరలు ప్రకటిస్తున్నారు, కొట్లు కిటకిటలాడుతున్నాయి. సాయంత్రానికి గల్లా పెట్టె నిండుతుంది. కానీ గల్లా నిండడం వేరు, లాభం మిగలడం వేరు. తగ్గింపు ఇచ్చాక ఎన్ని చీరలు అమ్మితే పాత లాభమైనా చేతికొస్తుందో ముందే లెక్క కట్టవచ్చు. దాన్నే బ్రేక్ ఈవెన్ లెక్క అంటారు. కూడికలు, భాగహారాలు వస్తే చాలు, ఎవరైనా వేసుకోవచ్చు.

ఒక చిన్న పట్టణంలో చీరల కొట్టు ఉందనుకుందాం. అందులో ఒక రకం చీర అమ్మకం ధర 1,000 రూపాయలు. లెక్క తేలిగ్గా ఉండడానికి పన్నును పక్కన పెడదాం. కొట్టుకు తెచ్చేసరికి ఆ చీరకు 680 రూపాయలు పడుతుంది. అమ్మినప్పుడల్లా సంచికీ, అమ్మిన కుర్రాడికిచ్చే కమిషన్‌కూ మరో 20 పోతాయి. అంటే ఒక్కో చీర మీద 300 మిగులుతాయి. కొట్టు అద్దె, నెల జీతాలు, కరెంటు బిల్లు ఈ లెక్కలోకి రావు. సేల్ పెట్టినా పెట్టకున్నా అవి కట్టాల్సిందే. నిర్ణయాన్ని బట్టి మారే ఖర్చులే నిర్ణయంలో లెక్కకొస్తాయి.

ఇప్పుడు 20 శాతం తగ్గింపు ఇచ్చారు. కొనేవారికి అది వెయ్యిలో రెండు వందలు. కొట్టు యజమానికి మాత్రం మూడు వందల్లో రెండు వందలు. చీర తెచ్చిన ధర తగ్గలేదు, కమిషన్ తగ్గలేదు. తగ్గించిన ప్రతి రూపాయీ మిగులులోంచే పోయింది. ధర అయిదో వంతు తగ్గితే, మిగులు మూడింట రెండు వంతులు ఎగిరిపోయింది. ఒక్కో చీర మీద ఇక మిగిలేది 100 రూపాయలే.

సేల్ లేకుండా ఆషాఢంలో ఆ రకం చీరలు 200 అమ్ముడయ్యేవనుకుందాం. మిగులు 60,000. ఇప్పుడు అదే 60,000 రావాలంటే 600 చీరలు అమ్మాలి. అమ్మకాలు మూడు రెట్లయితే గానీ మొదట ఉన్న చోటికి రారు. పైగా ఫ్లెక్సీలకు, కరపత్రాలకు, నెల రోజులకు పెట్టుకున్న అదనపు మనుషులకు 30,000 ఖర్చయిందనుకోండి. ఒక్కో చీరకు వందే మిగులుతోంది కాబట్టి ఆ ఖర్చు రాబట్టడానికి మరో 300 చీరలు పోవాలి. మొత్తం 900.

ఆ కొట్లో 700 చీరలు అమ్ముడయ్యాయనుకుందాం. మామూలుగా 2,00,000 ఉండాల్సిన అమ్మకం 5,60,000కు చేరింది. యజమాని సంతోషిస్తాడు. మిగులు చూస్తే 70,000. అందులో సేల్ ఖర్చు 30,000 పోతే 40,000. ఏ హడావుడీ లేకుండా ఊరుకుంటే 60,000 వచ్చేది. అమ్మకం దాదాపు మూడు రెట్లు పెరిగినా లాభం 20,000 తగ్గింది.

దీనికో చిన్న సూత్రం ఉంది. ప్రచారం వంటి ఖర్చులను పక్కన పెడితే, అమ్మకాలు ఎంత శాతం పెరగాలో ఇలా తేలుతుంది: తగ్గింపు శాతాన్ని, మిగులు శాతంలోంచి తగ్గింపు శాతం తీసేయగా వచ్చినదానితో భాగించాలి. మన చీరకు మిగులు 30 శాతం. 10 శాతం తగ్గిస్తే 10ని 20తో భాగించాలి, అమ్మకాలు సగం పెరిగితే చాలు. 20 శాతమైతే 200 శాతం పెరగాలి. 25 శాతమైతే 500 శాతం, అంటే ఆరు రెట్లు అమ్మాలి. 30 శాతం దగ్గర ఎన్ని అమ్మినా మిగిలేది సున్నా. తగ్గింపు మెట్టుమెట్టుగా పెరుగుతుంటే అమ్మాల్సిన సంఖ్య మాత్రం దూకుతూ పోతుంది. మిగులు 50 శాతం ఉన్న సరుకైతే అదే 20 శాతం తగ్గింపుకు 67 శాతం పెరుగుదల సరిపోతుంది. పక్క కొట్టువాడు 20 శాతం ఇస్తున్నాడు కదా అని మనమూ ఇస్తే, అతని మిగులెంతో తెలియకుండా అతని లెక్కను మన నెత్తిన వేసుకున్నట్టే.

ఈ లెక్కలో అన్నిటికంటే కష్టమైన అంకె ఆ 200. సేల్ పెట్టకపోతే ఎన్ని అమ్ముడయ్యేవో ఎవరూ కళ్లారా చూడరు. కిందటి ఏడాదితో పోల్చాలంటే జులైని జులైతో పోల్చకూడదు. 2023లో అధిక శ్రావణం వచ్చింది. ఆ ఏడు ఆషాఢం జులై 17న ముగిస్తే, 2024లో జులై 6న మొదలైంది. తెలుగు నెలను తెలుగు నెలతోనే పోల్చాలి. ఇంకా నమ్మకమైన దారి, ఒకేలా అమ్ముడయ్యే రెండు రకాల్లో ఒకదానికే తగ్గింపు ఇచ్చి, రెండోదాన్ని మామూలు ధరకే ఉంచి చూడడం. కొందరు రెండో రకం మానేసి మొదటిదానికి మళ్లుతారు కాబట్టి, రెండింటి మిగులునూ కలిపి చూడాలి.

ఆషాఢం వెనకే శ్రావణం వస్తుంది. వరలక్ష్మీ వ్రతానికో, పెళ్లికో ఎలాగూ చీర కొనాల్సిన ఇల్లాలు నెల ముందే తగ్గింపులో కొనేస్తుంది. ఆ అమ్మకం కొత్తగా పుట్టింది కాదు, శ్రావణం నుంచి ముందుకు జరిగింది. అలాంటి చీర ఒక్కోటి ఆషాఢంలో 100 తెచ్చి, శ్రావణంలో 300 తీసుకుపోతుంది. మన కొట్లో 100 మంది అలా కొన్నారంటే శ్రావణంలో 30,000 మిగులు పోయినట్టే. అందుకే సేల్ ఫలితాన్ని ఆషాఢ అమావాస్య నాడు తేల్చకూడదు. శ్రావణం కూడా గడిచాక, రెండు నెలల మిగులునూ కలిపి చూడాలి. శ్రావణంలో పూర్తి ధర చీరలు ఎప్పటికంటే తక్కువ పోతే అమ్మకం జరిగింది ముందుకే తప్ప పైకి కాదు.

అయితే సేల్ నిజంగా పనికొచ్చే సందర్భం ఒకటుంది. అది పాత స్టాకు. రెండేళ్లుగా బీరువాలో మడతలు పడుతున్న చీరకు 680 పెట్టామన్నది గడిచిపోయిన సంగతి. ఇవాళ్టి ప్రశ్న, దాన్ని ఇప్పుడు అమ్మకపోతే ఎంత వస్తుందన్నది. టోకున వదిలించుకుంటే 300 వస్తాయనుకుందాం. సేల్‌లో 500కు అమ్మి, సంచికీ కమిషన్‌కూ 20 తీసేసినా 480 చేతికొస్తాయి. కొన్న ధరతో చూస్తే నష్టం, ఉన్న దారులతో చూస్తే 180 లాభం. ఆ డబ్బు శ్రావణానికి కొత్త సరుకు తేవడానికీ పనికొస్తుంది. జోరుగా పోయే చీరకు ఈ తర్కం చెల్లదు. ఒకటి అమ్మగానే దాని స్థానంలో మళ్లీ 680 పెట్టి తెచ్చుకోవాలి కాబట్టి దాని ఖర్చు అదే.

కాబట్టి కొట్టంతటికీ ఒకే తగ్గింపు పెట్టడం కంటే, రకాల వారీగా మిగులు రాసుకుని, ప్రతిదానికీ బ్రేక్ ఈవెన్ సంఖ్య వేసుకోవడం మేలు. మన చీరకు 20 శాతం దగ్గర 900 అని వచ్చింది. అదే ప్రచార ఖర్చుతో 10 శాతం ఇస్తే 450 చాలు. ఆ ఊళ్లో, ఆ నెలలో అన్ని చీరలు పోతాయా అన్నది యజమాని తన అనుభవంతో చెప్పగలడు. పోవనిపిస్తే ఆ చీరను పూర్తి ధరకే ఉంచి, తగ్గింపు బోర్డును పాత స్టాకు బల్ల మీదికి మార్చాలి.