స్కాలర్‌షిప్ వచ్చింది, కృతజ్ఞత చెప్పడం ఎలా?

ఎనిమిదో తరగతి పిల్లలు రాసే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షను మన బడుల్లో అందరూ ఎన్‌ఎంఎంఎస్ అంటారు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని పిల్లలకు ఇది. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడతాయి. ఫలితాలు వచ్చిన రోజు బడి వాట్సాప్ గ్రూపులో అభినందనలు వెల్లువెత్తుతాయి. మర్నాడు ప్రార్థన సమయంలో హెడ్‌మాస్టర్ గారు ఆ పిల్లని ముందుకు పిలిచి రెండు మాటలు మాట్లాడమంటారు. ఆ రెండు మాటల దగ్గరే చాలామంది పిల్లలు తడబడతారు. సంతోషం చెప్పుకుంటే గొప్పలు పోతున్నట్టు ఉంటుందేమోనని భయం, చెప్పుకోకపోతే సాయం చేసినవాళ్లను మరిచిపోయినట్టు అవుతుందేమోనని బెంగ.

అలాంటప్పుడు పిల్లలు సాధారణంగా రాసుకొచ్చేది ఇలా ఉంటుంది:

"అందరికీ నమస్కారం. రాత్రింబవళ్లు శ్రమించి, ఎన్నో కష్టాలకు ఓర్చి ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ సాధించాను. ఈ విజయం నా ఒక్కదానిది కాదు, మీ అందరిదీ. నన్ను ప్రోత్సహించిన ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, మిత్రులకు పేరు పేరునా ధన్యవాదాలు."

ఈ పిల్ల మనసులో గర్వం ఏమీ లేదు. అయినా చదివేవాళ్లకు ఇందులో మిగిలేది ఆమె పడ్డ శ్రమ ఒక్కటే, ఎందుకంటే వివరంగా చెప్పింది దాని గురించే. సాయం చేసినవాళ్లంతా ఒక్క వాక్యంలో గుంపుగా వచ్చి వెళ్లిపోయారు. పేరు పేరునా అంది గానీ ఒక్క పేరూ లేదు. విజయం అందరిదీ అంది గానీ ఎవరు ఏం చేశారో తెలియదు. వినయం కోసం వాడిన మాటలు ఎంత పెద్దవైనా, వాటి వెనక ఒక్క పనీ కనిపించకపోతే అవి మర్యాద మాటలుగానే మిగిలిపోతాయి.

దీన్ని సరిచేయాలంటే కలం పట్టే ముందు ఒక జాబితా రాసుకోవాలి. మంచివాళ్ల జాబితా కాదు, పనుల జాబితా. స్కాలర్‌షిప్ చేతికి రావడానికి మొదటి నుంచి చివరి దాకా ఏమేం జరగాలో వరుసగా రాసి, ఒక్కొక్క పని దగ్గర ఎవరున్నారో గుర్తు చేసుకోవాలి.

ఎన్‌ఎంఎంఎస్ విషయంలో ఆ వరుస చాలా పొడవు. ముందు ఇలాంటి పరీక్ష ఒకటుందని పిల్లకు ఎవరో చెప్పాలి. బడి తరఫున ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయించాలి. ఆదాయ ధ్రువపత్రం తేవాలి. తెలంగాణలో అయితే మీసేవ, ఆంధ్రలో అయితే సచివాలయం చుట్టూ తిరగాలి. తర్వాత చదువు. పరీక్షలో మ్యాట్, శాట్ అని రెండు పేపర్లు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. శాట్‌లో ఏడు, ఎనిమిది తరగతుల లెక్కలు, సైన్సు, సోషల్ వస్తాయి గనుక పిల్లలకు కొంత అలవాటైన దారే. మ్యాట్‌లో వచ్చే అంకెల వరుసలు, బొమ్మల పోలికలు మాత్రం చాలామందికి అంతగా అలవాటు ఉండవు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పాలి.

ఎంపికయ్యాక కూడా పని తీరదు. తొమ్మిదో తరగతిలో చేరాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మళ్లీ నమోదు చేసుకోవాలి. ఆ దరఖాస్తును ముందు బడి స్థాయిలో, తర్వాత జిల్లా స్థాయిలో పరిశీలించి ఆమోదిస్తారు. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం కాకపోతే డబ్బు పడదు. పరీక్షలో నెగ్గి కూడా పోర్టల్‌లో గడువులోపు నమోదు చేసుకోక స్కాలర్‌షిప్ పోగొట్టుకునే పిల్లలున్నారు. అంటే కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఫారం నింపిపెట్టిన మనిషి సాయం, పాఠం చెప్పిన మాస్టారి సాయం కన్నా తక్కువదేమీ కాదు. వేదిక మీద మొదట మరిచిపోయేది ఆ మనిషినే.

ఈ జాబితా ముందు పెట్టుకుని అదే పిల్ల మళ్లీ రాసిందనుకుందాం:

"అందరికీ నమస్కారం. నాకు ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ వచ్చింది. ఈ పరీక్ష ఉందని మా తరగతికి వచ్చి చెప్పింది, దరఖాస్తులు దగ్గరుండి చేయించింది హెడ్‌మాస్టర్ గారు. లెక్కల మాస్టారు బడి వదిలాక మమ్మల్ని కూర్చోబెట్టి మ్యాట్ నేర్పారు. 2, 5, 10, 17, 26 తర్వాత ఏమొస్తుందంటే నాకు తోచేది కాదు. పక్కపక్క అంకెల తేడాలు కింద రాసుకోమన్నారు. 3, 5, 7, 9 అని రాయగానే తర్వాత 11 వస్తుందని, జవాబు 37 అని తెలిసింది. అప్పటి నుంచి అలాంటి ప్రశ్నలంటే భయం పోయింది. కిందటేడు ఈ పరీక్ష రాసిన మా వీధిలో అక్క తన పాత ప్రశ్నపత్రాలన్నీ నాకిచ్చేసింది. ఆదాయ సర్టిఫికెట్ కోసం నాన్న పని మానుకుని సచివాలయానికి తిరిగారు. నా ఖాతాకు ఆధార్ లింకు కాలేదని చూసి చెప్పింది మా బడి కంప్యూటర్ సార్. ఆయన చెప్పకపోతే డబ్బు ఆగిపోయేది. నాతో పాటు సాయంత్రాలు కూర్చుని చదివిన స్నేహితురాళ్లు నేను తప్పు చేసినప్పుడల్లా దిద్దారు. మీ అందరికీ నా ధన్యవాదాలు. ఏడో తరగతి చెల్లెళ్లు, తమ్ముళ్లు ఎవరైనా వచ్చే ఏడాది రాయాలనుకుంటే ఆ ప్రశ్నపత్రాలు నా దగ్గరున్నాయి, వచ్చి తీసుకోండి."

ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు. అయినా మాస్టారు వింటే కళ్లు చెమరుస్తాయి, ఎందుకంటే ఆయన చెప్పిన ఒక చిన్న కిటుకు ఆ పిల్లకు అంకెలతో సహా గుర్తుంది. కృతజ్ఞత చెప్పడమంటే చేసిన పనిని చేసినవాళ్లకు గుర్తుండేలా తిరిగి చెప్పడం. అందరి గురించీ ఇంత వివరం అక్కర్లేదు. ఒక్కరి సాయాన్ని ఇలా దగ్గరగా చూపించి, మిగిలినవాళ్లకు తలా ఒక వాక్యం ఇస్తే చాలు.

విజయాన్ని చెప్పిన వాక్యం చూడండి. "నాకు స్కాలర్‌షిప్ వచ్చింది" అని మొదట్లోనే, మూడు మాటల్లో అయిపోయింది. ర్యాంకు లేదు, మార్కులు లేవు, ఎంతమందిని దాటిందో లేదు. గెలుపును దాచిపెట్టనూ లేదు. "నాదేముంది, ఏదో అదృష్టం కలిసొచ్చింది" అని మరీ తగ్గించుకుని మాట్లాడే పిల్లలుంటారు. అది వినయంలా అనిపిస్తుంది గానీ, సాయంత్రాలు తన కోసం ఆగిన మాస్టారి శ్రమను కూడా అదృష్టం ఖాతాలో వేసినట్టవుతుంది. వచ్చింది వచ్చిందని నిండుగా ఒక్కసారి చెప్పి, ఆ తర్వాత మాట పక్కవాళ్ల మీదికి మళ్లించడమే అందం. తన శ్రమ గురించి ఆమె విడిగా చెప్పలేదు. మాస్టారు నేర్పింది తను నేర్చుకుందని, స్నేహితురాళ్లు దిద్దితే దిద్దుకుందని చెప్పడంలోనే అది తెలిసిపోతోంది.

స్నేహితురాళ్ల వాక్యం రాసేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. కలిసి చదివినవాళ్లలో ఎంపిక కానివాళ్లు అదే వరుసలో నిలబడి వింటుంటారు. "పట్టుదల ఉంటే ఎవరైనా సాధించవచ్చు" అన్న మాట వాళ్ల చెవిలో పట్టుదల మీకు లేదన్నట్టు పడుతుంది. ఎన్‌ఎంఎంఎస్‌లో స్కాలర్‌షిప్‌ల సంఖ్య దేశం మొత్తానికి ఏటా లక్ష. ఏ రాష్ట్రానికి ఎన్ని అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. బాగా రాసినవాళ్లందరికీ అందేంత చోటు లేదు. అందుకే నీతి వాక్యం జోలికి పోకుండా, వాళ్లు తనకు చేసిన మేలు ఒకటి చెప్పి ఊరుకోవడం మంచిది.

ఇంటి సంగతులు చెప్పేటప్పుడు ఇంట్లోవాళ్లను ముందే అడగాలి. నాన్న పని మానుకుని తిరిగారని చెప్పడానికి ఆయనకు అభ్యంతరం ఉండకపోవచ్చు. ఇంట్లో అప్పుందనో, ఒక పూట తిని గడిపామనో పదిమందిలో చెప్పడం ఆయనకు నచ్చకపోవచ్చు. ఈ స్కాలర్‌షిప్ పేరులోనే ఆర్థిక స్థితి ఉంది కాబట్టి పేదరికాన్ని మళ్లీ విడమరిచి చెప్పనక్కర్లేదు. వాట్సాప్‌లో పెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా ఉంది. సంబరంలో కొందరు హాల్‌టికెట్, బ్యాంకు పాస్‌బుక్, ఆధార్ ఉన్న కాగితాల ఫొటోలు జత చేస్తుంటారు. ఖాతా నంబరు, ఆధార్ నంబరు పది గ్రూపులు తిరిగితే మోసగాళ్ల ఫోన్లు వస్తాయి. మాట ఒక్కటే చాలు, కాగితం వద్దు.

ఇక వరుస. పెద్ద హోదా నుంచి కిందికి దిగుతూ పేర్లు చదివితే అది సన్మాన సభ ఉపన్యాసంలా ఉంటుంది. ఏ పని ముందు జరిగిందో ఆ క్రమంలో చెప్పుకుంటూ వెళ్తే ఎవరి కన్నా ఎవరు ఎక్కువన్న ప్రశ్నే రాదు, చెప్పే పిల్ల కూడా తడుముకోదు. ఫలితాలు వచ్చేసరికి మాస్టారికి బదిలీ అయి ఉంటే, గ్రూపులో పెట్టి ఊరుకోకుండా ఆయనకు ఫోన్ చేసి చెప్పాలి. పదిమందిలో చెప్పే కృతజ్ఞత ఆ పదిమంది కోసం. ఫోన్‌లో చెప్పేది ఆయన కోసం.

అన్నిటికన్నా ఆ పిల్ల రాసిన చివరి వాక్యం ముఖ్యమైనది. తనకు అందిన పాత ప్రశ్నపత్రాలను తర్వాతివాళ్లకు ఇస్తానంది. ఈ స్కాలర్‌షిప్‌ను ఏటా పోర్టల్‌లో రెన్యువల్ చేసుకోవాలి. పదో తరగతిలో 60 శాతం, ఎస్సీ, ఎస్టీ పిల్లలైతే 55 శాతం మార్కులు వస్తేనే ఇంటర్‌లో కొనసాగుతుంది. ఇవన్నీ తెలియని ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. ఎవరు చెప్పారు, ఎక్కడికి వెళ్లాం, ఎక్కడ ఆగిపోబోయింది అన్నవి ఉన్న కృతజ్ఞతా సందేశం ఆ ఇళ్లకు దారి చూపిస్తుంది. రాసింది పంపే ముందు ఏడో తరగతి పిల్లతో ఒకసారి చదివించండి. ఈ పరీక్ష రాయాలంటే రేపు ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ పిల్ల చెప్పగలిగితే, మీకు సాయం చేసినవాళ్ల రుణంలో కొంతైనా తీరినట్టే.