చిన్ననాటి అలవాట్లు: ‘యూస్డ్ టు’, ‘వుడ్’, ‘బి యూస్డ్ టు’

4.1 పరిచయం

“వెళ్లేవాళ్లం”, “ఉండేది”, “తినేదాన్ని” వంటి క్రియారూపాలతో మనం చిన్ననాటి సంగతులు చెప్పుకుంటాం. తెలుగులో ఈ ఒక్క రూపం చేసే పనిని ఇంగ్లీషులో ‘యూస్డ్ టు’, ‘వుడ్’ పంచుకుంటాయి. “అలవాటు” అనే మాట అడ్డువచ్చి, వీటితో ఏ సంబంధమూ లేని ‘బి యూస్డ్ టు’ను కూడా మధ్యలోకి లాగుతుంది. కర్నూలు, కడప ప్రాంతపు విద్యార్థి రాయదగిన నాలుగు వాక్యాలను తీసుకుని, ఎక్కడ ఏ రూపం వాడాలో ఈ భాగంలో చూద్దాం.

(అ) కె.సి. కాలువ దగ్గర మా అవ్వకు ఒక మిద్దె ఉండేది.
(ఆ) ప్రతి వేసవికీ మేము అక్కడికి వెళ్లేవాళ్లం.
(ఇ) రాత్రిళ్లు మిద్దె మీద పడుకునేవాళ్లం.
(ఈ) ఆ ఎండలకు మేము అలవాటుపడ్డవాళ్లమే.

4.2 స్థితా, పనా?

(అ)లో ఎవరూ ఏ పనీ చేయడం లేదు. మిద్దె ఉండడం ఒక స్థితి. గతంలో ఉండి ఇప్పుడు లేని స్థితికి ‘యూస్డ్ టు’ ఒక్కటే సరిపోతుంది: “మై గ్రాండ్‌మదర్ యూస్డ్ టు హ్యావ్ ఎ హౌస్ నియర్ ద కెనాల్.” ఇక్కడ ‘వుడ్ హ్యావ్’ తప్పు. ఉండడం, కలిగి ఉండడం, నివసించడం, ఇష్టపడడం, తెలిసి ఉండడం వంటి క్రియలన్నిటికీ ఇదే నియమం.

(ఆ), (ఇ)లలో ఉన్నవి మళ్లీ మళ్లీ చేసిన పనులు. వీటికి రెండు రూపాలూ పనికివస్తాయి. అయితే ‘వుడ్’కు ఒక షరతు ఉంది. మాట్లాడుతున్నది ఏ కాలం గురించో వినేవారికి ముందే తెలియాలి. ఏ సందర్భమూ లేకుండా “వి వుడ్ స్లీప్ ఆన్ ద రూఫ్” అంటే “అవకాశం ఉంటే పడుకుంటాం” అనే అర్థం రావచ్చు. అందుకే మొదటి వాక్యంలో ‘యూస్డ్ టు’తో కాలాన్ని స్థిరపరచి, తరువాతి వాక్యాలను ‘వుడ్’తో నడపడం మంచి పద్ధతి: “వి యూస్డ్ టు గో దేర్ ఎవ్రీ సమ్మర్. ఎట్ నైట్ వి వుడ్ స్లీప్ ఆన్ ద రూఫ్.”

4.3 అలవాటుపడడం

(ఈ) వాక్యం చేసిన పని గురించి కాదు. ఎండ కొత్తగానో కష్టంగానో అనిపించలేదని చెబుతోంది. దీనికి ‘బి యూస్డ్ టు’ కావాలి: “వి వర్ యూస్డ్ టు ద హీట్.” ఇక్కడి ‘టు’ మన “కు” ప్రత్యయం వంటిది. “ఎండకు” అన్నట్లే దాని తరువాత నామవాచకం రావాలి. క్రియ వస్తే దాన్ని నామంగా మార్చాలి. “నడవడానికి అలవాటుపడ్డాం” అనేటప్పుడు మనం “నడవడం” అనే నామానికి “కి” చేరుస్తాం. ఇంగ్లీషులో కూడా అంతే: “వి వర్ యూస్డ్ టు వాకింగ్.” ‘వర్ యూస్డ్ టు వాక్’ అని రాస్తే తప్పు.

“చిన్నప్పుడు నాకు మట్టి తినే అలవాటు ఉండేది” అన్న వాక్యంలో “అలవాటు” అనే మాట ఉన్నా, అది ‘బి యూస్డ్ టు’ కాదు. చెబుతున్నది మళ్లీ మళ్లీ చేసిన పని గురించి కాబట్టి “ఐ యూస్డ్ టు ఈట్ మడ్” అనాలి.

4.4 ఇవేవీ వాడకూడని చోట్లు

ఎంతకాలమో, మొత్తం ఎన్నిసార్లో లెక్క చెబితే సాధారణ భూతకాలమే వాడాలి. “కర్నూల్ యూస్డ్ టు బి ద క్యాపిటల్ ఆఫ్ ఆంధ్రా స్టేట్” సరైన వాక్యం. “ఫ్రమ్ 1953 టు 1956” అని చేర్చితే మాత్రం ‘వాజ్’ రావాలి. ఇక్కడ తెలుగే దారి చూపుతుంది. “కడపలో ఐదేళ్లు ఉన్నాం” అంటాం కానీ, “ఐదేళ్లు ఉండేవాళ్లం” అనం.

ఇప్పటి అలవాటుకు కూడా ‘యూస్డ్ టు’ పనికిరాదు. “రోజూ పేపర్ చదువుతుంటాను” అనే ఉద్దేశంతో ఇంటర్వ్యూలో “ఐ యూస్డ్ టు రీడ్ ద పేపర్ డైలీ” అంటే, ఇప్పుడు చదవడం మానేశారని ఎదుటివారు అనుకుంటారు. “ఐ రీడ్ ద పేపర్ ఎవ్రీ డే” అంటే సరిపోతుంది.

4.5 మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఇంగ్లీషులోకి మార్చండి.
1. చిన్నప్పుడు నాకు చీకటంటే భయంగా ఉండేది.
2. మా నాన్న కడపలో నాలుగేళ్లు పనిచేశారు.
3. రోజూ సంగటి తినడం అప్పట్లో మాకు అలవాటే, కొత్తగా అనిపించేది కాదు.
4. సెలవుల్లో అవ్వ దగ్గరికి వెళ్లేవాళ్లం. సాయంత్రాలు ఆమె మాకు కథలు చెప్పేది.

సమాధానాలు

1. ఐ యూస్డ్ టు బి అఫ్రెయిడ్ ఆఫ్ ద డార్క్. (స్థితి, ‘వుడ్’ కుదరదు.)
2. మై ఫాదర్ వర్క్‌డ్ ఇన్ కడప ఫర్ ఫోర్ ఇయర్స్. (కాలం లెక్క ఉంది.)
3. వి వర్ యూస్డ్ టు ఈటింగ్ సంగటి ఎవ్రీ డే. (అలవాటుపడడం.)
4. వి యూస్డ్ టు విజిట్ అవర్ గ్రాండ్‌మదర్ ఇన్ ద హాలిడేస్. ఇన్ ద ఈవెనింగ్స్ షి వుడ్ టెల్ అస్ స్టోరీస్. (మొదటి వాక్యం కాలాన్ని స్థిరపరిచింది, రెండో వాక్యంలో ‘యూస్డ్ టు’ రాసినా తప్పు కాదు.)