పేరు చివర్లో పిలవండి

‘మన సంస్థ పురోగతికి అహర్నిశలు కృషి చేస్తున్న మేనేజింగ్ డైరెక్టర్ శ్రీ ఫలానా గారిని వేదికనలంకరించి తమ అమూల్యమైన సందేశాన్ని అందించవలసిందిగా సవినయంగా ఆహ్వానిస్తున్నాము.’

కాగితం మీద ఈ వాక్యానికి వంక పెట్టలేం. మైకులో చదివితేనే చిక్కు. ఎం.డి. గారి పేరు వినపడగానే హాల్లో చప్పట్లు మొదలవుతాయి. యాంకరమ్మ చేతిలో ఇంకా ఏడు మాటలు మిగిలి ఉంటాయి. చప్పట్లలో అవి ఎవరికీ వినపడవు, ఆపేస్తే వాక్యం పూర్తి కాదు. ఎం.డి. గారేమో సగం లేచి, ‘పిలిచారా, ఇంకా పిలుస్తున్నారా’ అన్నట్టు చూస్తారు.

తెలుగు వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. చదువుకునేవాడికి దానివల్ల ఇబ్బంది లేదు. సభలో మాత్రం చప్పట్లు పేరుకు పడతాయి గానీ క్రియకు పడవు. అందుకే కొత్త సరుకు విడుదల సభకు స్క్రిప్టు తిరగరాసేటప్పుడు మొదట వెతకాల్సింది మనుషుల పేర్లనే. పేరు తర్వాత ఒక్క మాట కూడా మిగలకూడదు.

ఊహకు ఒక సభ పెట్టుకుందాం. విజయవాడలో ఒక హోటల్ హాలు, మూడు వందల మంది డీలర్లు. విడుదలవుతున్నది బోరు మోటారుకు పెట్టే మొబైల్ స్టార్టర్. లోపల సిమ్ కార్డు ఉంటుంది. రైతు ఇంటి దగ్గర నుంచి ఫోన్ చేస్తే మోటారు ఆన్ అవుతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, బోర్లో నీళ్లు అడుగంటినా కాలిపోకుండా మోటారును ఆపేస్తుంది. ఈ సభలో ఆ ఆహ్వానం ఇలా మారుతుంది:

‘రాత్రి రెండింటికి కరెంటొస్తే టార్చిలైటు పట్టుకుని బోరు దగ్గరికి పోయే రైతును చూసి మొదలుపెట్టిన పని ఇది. ఆ కథ, మొదలుపెట్టిన మనిషి నోటే విందాం. / మన ఎం.డి. / శ్రీ ఫలానా గారు!’

‘ఆహ్వానిస్తున్నాము’ పోయింది, మర్యాద పోలేదు. ‘శ్రీ’, ‘గారు’ రెండూ ఉన్నాయి. ‘ఇప్పుడు కార్యక్రమంలో తదుపరి అంశంగా’ అని మొదలుపెట్టే అవసరమూ తప్పింది. ఆ మాట నిజానికి అజెండా కాగితంలోది. తర్వాత ఏం వస్తుందో చెబుతుంది తప్ప ఎందుకు వస్తుందో చెప్పదు. ఒక అంశం నుంచి ఇంకో అంశానికి దాటించే వాక్యంలో సరుకు గురించిన ముక్క ఒకటి ఉంటే అతుకు కనపడదు. టార్చిలైటు రైతు ఆ పని చేశాడు.

ఇక ఆగడాలు. చాలా స్క్రిప్టుల్లో బ్రాకెట్లు పెట్టి ‘3 సెకన్ల విరామం’ అని రాస్తారు. కంగారులో దాన్ని కూడా చదివేసే యాంకర్లుంటారు, అది వేరే సంగతి. అసలు లోపం ఏమిటంటే, స్టేజీ మీద నిలబడ్డ మనిషికి మూడు సెకన్ల మౌనం అరనిమిషంలా అనిపిస్తుంది. కాబట్టి ఒక్క సెకనుకే నోరు విప్పేస్తారు. ఆగమనే చోట అంకె రాయడం కన్నా, ఏది జరిగేదాకా ఆగాలో రాస్తే ఆ తొందర ఉండదు.

ఆవిష్కరణ ఘట్టమే చూడండి. పాత స్క్రిప్టులో ‘ఇదిగో, మీ ముందు!’ అని ఉండి, దాని కింద ‘గుడ్డ తొలగింపు’ అని ఉంటుంది. గుడ్డ ఏ మూలో పట్టుకుందనుకోండి, ఎం.డి. గారు లాగుతూనే ఉంటారు, యాంకరమ్మ అప్పటికే ధర చెప్పేస్తూ ఉంటుంది. తిరగరాసిన కాగితం ఇలా ఉంటుంది. చదవాల్సింది నల్ల సిరాలో, చేయాల్సింది ఎర్ర సిరాలో అనుకోండి:

‘మూడు... రెండు... ఒకటి!’
(ఎరుపు) గుడ్డ పూర్తిగా కింద పడేదాకా మాట్లాడొద్దు. స్టార్టరు వైపే చూడు. చప్పట్లు తగ్గుముఖం పట్టాక:
‘ఏడున్నర హెచ్‌పీ దాకా ఏ మోటారుకైనా సరిపోతుంది.’

‘స్టార్టరు వైపే చూడు’ అన్నది చిన్న సూచన, కానీ బాగా పనిచేస్తుంది. యాంకర్ ఎటు చూస్తే జనం అటు చూస్తారు. అప్పుడు మౌనం మాట మరిచిపోయినట్టుండదు, చూడమన్నట్టుంటుంది. చప్పట్లు పూర్తిగా ఆగేదాకా ఎదురుచూడకండి, హాలు చల్లబడిపోతుంది. పల్చబడుతుండగా అందుకోవాలి. అంకెలను కూడా పలికేటట్టే రాయాలి. 7.5 అని రాస్తే ఒకరు ‘ఏడు పాయింట్ ఐదు’ అంటారు, ఇంకొకరు ‘సెవెన్ పాయింట్ ఫైవ్’ అంటారు. డీలరు తన కొట్లో అనేది ‘ఏడున్నర’.

ఆగడం జనానికి ఎందుకు కావాలో చూపించిన సభ ఒకటుంది. 2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌ను చూపించేముందు మూడు పరికరాలు తెస్తున్నామన్నట్టు మూడింటి పేర్లు చెప్పాడు. వాటినే మళ్లీ మళ్లీ వల్లించాడు. అవి మూడు కావు, ఒకటేనని హాలు తనంతట తాను పట్టుకునేదాకా వ్యవధి ఇచ్చాడు. ఆయన యాంకర్ కాదు, సంస్థ అధిపతి, ఆ చనువు వేరు. జనానికి అర్థం చేసుకునే వ్యవధి ఇవ్వడం మాత్రం యాంకర్‌కూ పనికొస్తుంది.

వీడియో అయిపోగానే వచ్చే చీకటి క్షణాన్నీ ఇలాగే రాసుకోవాలి: ‘లైట్లు వచ్చాక’. స్క్రిప్టులో అది లేకపోతే చీకట్లోంచి ‘అద్భుతమైన వీడియో కదండీ!’ అని గొంతు వినిపిస్తుంది. చూసినవాళ్లకు అది అద్భుతమో కాదో వేరే చెప్పాలా?

నాకు ఎక్కువ పేచీ ధన్యవాదాలతోనే. వక్త దిగిన ప్రతిసారీ ‘తమ అమూల్యమైన సమయాన్ని వెచ్చించి చక్కటి సందేశాన్ని అందించినందుకు హృదయపూర్వక ధన్యవాదాలు తెలియజేసుకుంటున్నాము’ అని రాసి ఉంటుంది. వక్త ఏం మాట్లాడినా, అసలు మాట్లాడకుండా నమస్కారం పెట్టి దిగినా ఈ వాక్యం అతుకుతుంది. దాని తప్పు అదే. దీన్ని తీసేసి స్క్రిప్టులో ఖాళీ వదలండి:

‘థ్యాంక్యూ సార్. ______ అన్నారు చూశారా, / అది గుర్తుపెట్టుకోండి.’

ఖాళీని నింపాల్సింది యాంకరే, ప్రసంగం వింటూ పెన్సిలుతో. ఎం.డి. గారు ‘కాలిన మోటారు వైండింగు కట్టించే ఖర్చులో రైతుకు ఈ స్టార్టరు వస్తుంది’ అన్నారనుకోండి, ఆ ముక్కే రాసుకోవాలి. యాంకరుకు వినే ఓపిక లేకపోతే ఒట్టి ‘థ్యాంక్యూ సార్’ చాలు. పొడవాటి అబద్ధం కన్నా పొట్టి మర్యాద నయం.

చివర్లో వచ్చే వందన సమర్పణకు ఇంకో లెక్క ఉంది. అప్పటికే తలుపులు తెరుచుకుని బిర్యానీ వాసన లోపలికి వస్తుంటుంది. పన్నెండు పేర్లు పన్నెండు ‘ధన్యవాదాలు’తో చదివితే నాలుగోదానికే కుర్చీలు కదులుతాయి. పేర్లు తగ్గించడం కుదరదు, ఒక్క పేరు వదిలినా ఏడాదిపాటు ఆ మనిషి మనసులో పెట్టుకుంటాడు. తగ్గించాల్సింది క్రియలను. మనుషులను చేసిన పనిని బట్టి మూడు గుంపులు చేసి, గుంపుకు ఒక్క థ్యాంక్స్ చాలనుకోండి. ‘మొదటి పది స్టార్టర్లు తమ పొలాల్లో పెట్టుకుని, లోపాలు మొహమాటం లేకుండా చెప్పిన రైతులు’ అని పని చెప్పి, వరసగా పేర్లు చదివి, చివర్లో ‘మీ అందరికీ థ్యాంక్స్’ అంటే చప్పట్లు ఒకేసారి గట్టిగా పడతాయి. పేరుపేరునా ఆగి కొట్టించుకునే నీరసపు చప్పట్ల బాధ ఉండదు.

ఇక్కడ మాత్రం క్రియ చివర్లోనే ఉండాలి. పిలిచేటప్పుడు పేరు చివర, కృతజ్ఞత చెప్పేటప్పుడు థ్యాంక్స్ చివర. చప్పట్లు ఎక్కడ కావాలో ఆ మాటతో వాక్యం ఆగాలన్నదే లెక్క.

భోజనాల మాట అన్నిటికన్నా ఆఖరున, అది కూడా వేరే కార్డు మీద రాసుకోండి. అదే కార్డు మీద ఉంటే కంగారులో ముందే కంట పడుతుంది. ‘భోజనాలు పక్క హాల్లో’ అన్నాక మైకులో చెప్పేది ఏదైనా ఖాళీ కుర్చీలకే.