ఒకే లోపానికి ఒకే మాట: అంతర్గత ఆడిట్ నివేదిక రాసే తీరు

అంతర్గత ఆడిట్ నివేదికలో ప్రతి లోపం చుట్టూ మూడు రాతలు ఉంటాయి. కనిపించిన లోపమేమిటో చెప్పే అబ్జర్వేషన్ మొదటిది. అది ఎంత ముఖ్యమో తేల్చే రిస్క్ రేటింగ్ రెండోది. దాన్ని ఎలా సరిదిద్దుతారో చెప్పే యాజమాన్యం సమాధానం మూడోది. ఈ మూడూ ఒకే పేజీలో ఉన్నా, తరచుగా ఒకదానితో ఒకటి పొసగవు. అబ్జర్వేషన్‌లో ‘తీవ్రమైన లోపం’ అని ఉంటుంది, రేటింగేమో మీడియం. సమాధానం చూస్తే ‘గమనించాం’ అన్న ఒక్క మాట. ఆడిట్ కమిటీ సభ్యులు దేన్ని నమ్మాలి?

భారతదేశంలో లిస్టెడ్ కంపెనీలకూ, నిర్ణీత పరిమాణం దాటిన మరికొన్ని కంపెనీలకూ 2013 కంపెనీల చట్టంలోని 138వ సెక్షన్ అంతర్గత ఆడిట్‌ను తప్పనిసరి చేసింది. నివేదికలోని మాటలు ఎలా ఉండాలో మాత్రం ఆ సెక్షన్ చెప్పదు. ఆ పని ప్రతి ఆడిట్ విభాగం తన మాన్యువల్‌లో చేసుకోవాలి. మాన్యువల్ ఆ సంగతి వదిలేస్తే, ఎంత మంది ఆడిటర్లుంటే అన్ని భాషలు తయారవుతాయి.

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. ఒక తయారీ కంపెనీలో 5 లక్షల రూపాయలు దాటే ప్రతి కొనుగోలుకూ మూడు కొటేషన్లు తీసుకోవాలి, జనరల్ మేనేజర్ ఆమోదం ఉండాలి. ఒక యూనిట్‌లో ఆరు నెలల్లో ఇచ్చిన 412 పర్చేజ్ ఆర్డర్లను ఆడిటర్ వెండర్ పేరు, సరుకు, తేదీల ప్రకారం వరుసపెట్టి చూశాడు. తొమ్మిది చోట్ల ఒకే వెండర్‌కు, ఒకే సరుకుకు, ఒకే వారంలో రెండేసి ఆర్డర్లు వెళ్లాయి. ఏ ఆర్డరూ 5 లక్షలు దాటలేదు, కానీ ప్రతి జతా దాటింది. తొమ్మిది జతల మొత్తం విలువ 72 లక్షలు.

దీన్ని ‘కొనుగోళ్లపై నియంత్రణ బలహీనంగా ఉంది, కొన్ని ఆర్డర్లను విడగొట్టినట్లు గమనించాం’ అని రాస్తే చదివినవాళ్లకు ఏమీ తెలియదు. ‘కొన్ని’ అంటే ఎన్ని? ‘బలహీనం’ అంటే ఏ మేరకు? అబ్జర్వేషన్‌లో నాలుగు సంగతులు ఎప్పుడూ ఒకే వరుసలో రావాలి: ఉండవలసిన పద్ధతి, నిజంగా జరిగింది, అందుకు కారణం, దానివల్ల వచ్చిన లేదా రాగల ఫలితం. వీటిలో ఎక్కువగా తప్పిపోయేది కారణం. ‘సిబ్బంది నిబంధన పాటించలేదు’ అన్నది కారణం కాదు, జరిగినదాన్నే మళ్లీ చెప్పడం. ఈ ఉదాహరణలో కంప్యూటర్ వ్యవస్థ ప్రతి ఆర్డర్‌నూ విడిగానే పరిమితితో పోలుస్తోంది; ఒకే వెండర్‌కు అదే వారంలో వెళ్లిన ఆర్డర్లను కలిపి చూడడం లేదు. అసలు కారణం అదే.

ఫలితం రాసేటప్పుడు మరో జాగ్రత్త కావాలి. ఇక్కడ తెలిసింది మూడు కొటేషన్లు లేకుండా 72 లక్షల కొనుగోళ్లు జరిగాయనే. ఎవరో కావాలని విడగొట్టారనడానికి విడిగా ఆధారం కావాలి. అది లేనప్పుడు ‘మోసం’, ‘కుమ్మక్కు’ వంటి మాటలకు నివేదికలో చోటు లేదు. జరిగిన నష్టాన్ని ‘జరిగింది’ అనీ, జరగగల నష్టాన్ని ‘జరిగే అవకాశం ఉంది’ అనీ రాయాలి. ఈ గీత చెరిపేసిన నివేదిక మీద యాజమాన్యానికి నమ్మకం పోతుంది, అలా పోవడం న్యాయమే.

అసలు చిక్కు రేటింగ్ దగ్గర వస్తుంది. ఈ కంపెనీ మాన్యువల్‌లో 50 లక్షలు దాటితే హై, 10 నుంచి 50 లక్షల వరకు మీడియం, 10 లక్షలలోపు లో అని ఉందనుకుందాం. చూడడానికి స్పష్టంగానే ఉంది. కానీ ఏ సొమ్ము? లావాదేవీల విలువ తీసుకుంటే 72 లక్షలు, కాబట్టి హై. అదే సరుకును కంపెనీ మరో యూనిట్ కొన్న ధరలతో లెక్కిస్తే 66 లక్షలే అయ్యేది. అంటే అదనపు ఖర్చు 6 లక్షలు, కాబట్టి లో. ఇదే తీరు ఏడాదంతా సాగితే 12 లక్షలవుతుంది, కాబట్టి మీడియం. సమాచారం ఒక్కటే, ముగ్గురు నిజాయతీపరులైన ఆడిటర్లు మూడు రేటింగులు ఇవ్వగలరు. ‘ఏడాది కాలానికి అంచనా వేసిన నష్టం’ అని మాన్యువల్‌లో ఒక్క మాట చేరిస్తే ఈ తేడా పోతుంది. చట్ట ఉల్లంఘన, ప్రాణభద్రత వంటి డబ్బుతో కొలవలేని విషయాలకు మాత్రం విడిగా నిర్వచనం రాసుకోక తప్పదు.

రేటింగ్ ఖాయమయ్యాక అబ్జర్వేషన్‌ను మళ్లీ చదవాలి. మీడియం ఇచ్చినచోట ‘తీవ్రమైన’, ‘ఆందోళనకరమైన’ వంటి విశేషణాలుంటే తీసేయాలి. తీవ్రతను రేటింగ్ చెబుతుంది, వాక్యం సంగతి చెబితే చాలు. రేటింగ్ మీద యాజమాన్యంతో బేరం సాగడం కూడా మామూలే. ‘వచ్చే నెలలో సరిచేస్తాం, మీడియంను లో చేయండి’ అని అడుగుతారు. ఆడిట్ చేసిన నాటి స్థితికే రేటింగ్ వర్తిస్తుంది కాబట్టి హామీని బట్టి అది మారకూడదు. నివేదిక వెలువడేలోగా నిజంగానే సరిదిద్దితే, రేటింగ్‌ను అలాగే ఉంచి ‘సరిచేశారు, పరిశీలించాం’ అని పక్కన రాయడం మేలు. కొత్త ఆధారం చూపిస్తే మాత్రం రేటింగ్ మార్చాల్సిందే.

సమాధానంలో యాజమాన్యం అంగీకరిస్తోందా, కొంతవరకే అంగీకరిస్తోందా, అంగీకరించడం లేదా అన్నది మొదటి వాక్యంలోనే తేలాలి. తర్వాత చేసే పని, చేసే అధికారి హోదా, పూర్తిచేసే తేదీ రావాలి. ఆ పని కారణాన్ని తాకాలి. ‘కొనుగోలు సిబ్బందికి సూచనలు ఇచ్చాం’ అన్నది ఇక్కడ చాలదు, ఎందుకంటే కంప్యూటర్ రేపు కూడా ఆర్డర్లను విడివిడిగానే చూస్తుంది. సరైన సమాధానం ఇలా ఉంటుంది: ‘అంగీకరిస్తున్నాం. ఒకే వెండర్‌కు ఒకే సరుకు మీద ఏడు రోజుల్లో ఇచ్చే ఆర్డర్ల మొత్తం 5 లక్షలు దాటితే, జనరల్ మేనేజర్ ఆమోదం లేకుండా ముందుకు వెళ్లకుండా వ్యవస్థను మారుస్తాం. బాధ్యత: ఐటీ మేనేజర్. గడువు: జూన్ 30.’

ఈ మాటలు యాజమాన్యానివి. ఆడిటర్ వాటిని తిరగరాయకూడదు, అసంపూర్తిగా ఉంటే తిప్పి పంపాలి. యాజమాన్యం ఒప్పుకోకపోతే ఇరుపక్షాల వాదనలూ, వాటి కారణాలూ నివేదికలో కనిపించాలి. అంతర్జాతీయ అంతర్గత ఆడిటర్ల సంస్థ ఐఐఏ 2024లో ప్రకటించి, 2025 జనవరి 9 నుంచి అమల్లోకి తెచ్చిన ప్రమాణాలు కూడా ఇందుకు వీలుండాలనే చెబుతున్నాయి. కంపెనీ భరించలేనంత రిస్క్‌ను యాజమాన్యం ఒప్పుకొని ఊరుకుందని ఆడిట్ అధిపతికి అనిపిస్తే, విషయాన్ని పై అధికారులకూ, అక్కడా తేలకపోతే బోర్డుకూ చెప్పాలి.

గడువు దాటాక లోపాన్ని ‘ముగిసింది’ అనడానికి ఐటీ మేనేజర్ ఈమెయిల్ చాలదు. జూలై నుంచి సెప్టెంబర్ వరకు వెళ్లిన ఆర్డర్లను ఆడిటర్ మొదటిసారిలాగే వెండర్, సరుకు, తేదీల ప్రకారం వరుసపెట్టి చూడాలి. పరిమితి దాటిన ప్రతి జతకూ ఆమోదం, మూడు కొటేషన్లు ఉంటేనే ఆ మాట రాయాలి. ఒక్క జత తప్పించుకున్నా ‘పాక్షికంగా అమలైంది’ అని రాసి, కొత్త గడువు అడగాలి.