మెరుపు మింగిన పదమూడు

మా వదిన ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరు. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక వరండాలో ఉన్న నల్లబల్ల మీద హాజరు పట్టిక రాస్తుంది. ఐదు తరగతులు, ఒక్కో తరగతికి బాలురు, బాలికలు, మొత్తం. అట్టడుగున మళ్లీ మొత్తం. ఆ బల్లకి రోజూ తీసిన ఫొటోలు ఫోనులో పోగుపడితే, అన్నీ కలిపి నాకు పంపింది. "అంకెలే కదా, నీ ప్రోగ్రాముతో చదివించెయ్యి" అంది. ఫొటోల్లోంచి అక్షరాలు రాబట్టడం నా పనే కాబట్టి కాదనలేకపోయాను.

మొదటి ఫొటో తెరవగానే తెలిసింది, ఇది అంకెలు చదివే పని మాత్రమే కాదని. బల్లకి ఎడమ సగం మీద స్తంభం నీడ. కుడి సగం ఎండలో ఉంది. నాలుగో తరగతి వరుసలో కుడివైపు అరచేయంత మేర తెల్లగా మెరుస్తోంది. కొత్తగా రంగు వేసిన బల్ల మరి, ఆకాశం అందులో అద్దంలోలా కనిపిస్తోంది.

ముందు నీడ సంగతి. ఫొటోలో ప్రతి చుక్కకీ 0 నుంచి 255 దాకా ఒక వెలుగు విలువ ఉంటుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. ఎండలో ఉన్న బల్ల విలువ 70, దాని మీది సుద్ద గీత విలువ 210 అనుకుందాం. నీడలో బల్ల 20, సుద్ద 60. "ఇంతకంటే వెలుగున్నదంతా సుద్ద" అని ఒకే హద్దు పెడితే ఏమవుతుందో చూడండి. హద్దు 100 అయితే నీడలోని అంకెలన్నీ మాయమవుతాయి. 50 అయితే ఎండలోని బల్ల మొత్తం సుద్దగా మారిపోతుంది. నీడలోని సుద్ద కంటే ఎండలోని నల్లబల్లే తెల్లగా ఉంది కాబట్టి, ఏ హద్దు పెట్టినా కుదరదు. ఫొటో మొత్తానికి సరిపోయే ఒకే హద్దుని వెతికే పద్ధతిని జపాన్‌కి చెందిన ఒత్సు 1979లో చెప్పాడు. స్కాన్ చేసిన కాగితానికి అది ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వరండాలో మాత్రం కాదు.

మన కన్ను ఇంత తంటాలు పడదు. చుట్టుపక్కలతో పోల్చి చూస్తుంది. పై లెక్కలోనే చూడండి: ఎండలోనూ నీడలోనూ సుద్ద తన పక్కనున్న బల్లకి మూడు రెట్లు. ఫోను కెమెరా వెలుగుని తనకి తోచినట్టు సవరిస్తుంది కాబట్టి నిజం ఫొటోలో అంత కచ్చితంగా రాదు గానీ, తేడా మాత్రం నిలుస్తుంది. అందుకని ఒక్కో చుక్కకీ దాని ఇరుగుపొరుగుని బట్టి విడిగా హద్దు కడతాం. 2000లో వచ్చిన సావోలా పద్ధతి ఇందుకు బాగా వాడుకలో ఉంది. అయితే అది తెల్ల కాగితం మీది నల్ల సిరా కోసం పుట్టింది. నల్లబల్ల ఫొటోని ముందు నెగెటివ్‌లా తిరగేసి గానీ దానికి ఇవ్వకూడదు. ఈ చిన్న సంగతి మరిచిపోయి నేను ఒక పూట వృథా చేసుకున్నాను.

ఇరుగుపొరుగు అంటే ఎంత మేర అన్నదే అసలు చిక్కు. మరీ చిన్న గడి తీసుకుంటే లావాటి సుద్ద గీత నడుమ బోలుగా మారుతుంది. మరీ పెద్దది తీసుకుంటే నీడ, ఎండ రెండూ అందులో పడి మళ్లీ మొదటి గొడవే. అంకె ఎత్తు కంటే కొంచెం పెద్ద గడితో మొదలుపెట్టడం నా అలవాటు. ఇంకో బెడద డస్టరు తుడిచీ తుడవకుండా వదిలేసిన నిన్నటి అంకెలు. హద్దుని మరీ సున్నితంగా పెడితే ఆ మసక 8 లేచి ఇవాళ్టి 9 పక్కన కూర్చుంటుంది. కిటికీ ఊచల నీడ పడ్డ ఫొటోల్లోనైతే ప్రోగ్రాము ఆ నీడ అంచుల్నే పట్టిక గీతలనుకుంది. వాటిని గుర్తుపట్టడానికి ఒక ఉపాయం ఉంది: సుద్ద గీతకి రెండు పక్కలా నలుపే ఉంటుంది. నీడ అంచుకి ఒక పక్క వెలుగు, ఒక పక్క చీకటి.

మెరుపు సంగతి వేరు. అక్కడ బల్లా 255, సుద్దా 255. పోల్చడానికి తేడాయే లేదు. నీడలో ఉన్నది మసకగానైనా ఫొటోలో ఉంది కాబట్టి పైకి తేవచ్చు. ఇలా పూర్తిగా తెల్లబడిపోయిన చోట ఉన్నది ఫొటోలోకి రానేలేదు, ఏ పద్ధతీ దాన్ని పుట్టించలేదు. ఫొటో తీసేటప్పుడే జాగ్రత్తపడాలి. ఫ్లాష్ ఆపి, ఒకటి తీశాక రెండడుగులు పక్కకి జరిగి ఇంకొకటి తీయాలి. మెరుపు మీతో పాటు జరుగుతుంది, అంకెలు జరగవు. పక్కనుంచి తీస్తే బల్ల వంకరగా పడుతుందని భయం అక్కర్లేదు. నాలుగు మూలలూ ఫొటోలో ఉంటే చాలు, దాన్ని చక్కని దీర్ఘచతురస్రంగా సాగదీయవచ్చు. తర్వాత రెండు ఫొటోల్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పరిచి, ప్రతి చుక్క దగ్గరా ముదురుగా ఉన్న విలువని తీసుకుంటే మెరుపు పోతుంది. సుద్ద రెండింటిలోనూ తెల్లగానే ఉంటుంది కాబట్టి మిగులుతుంది. వైట్‌బోర్డుకైనా ఇదే.

మా వదిన రోజుకి ఒక్క ఫొటోనే తీసింది. గీతలు కూడా చేత్తో గీసినవి, కుడివైపుకి పోయేకొద్దీ పైకెక్కాయి. తిన్నని గీతలు ఊహించుకుంటే ఐదో తరగతి మొత్తం నాలుగో వరుసలో పడుతుంది. అందుకని ఒక్కో గీతని ముక్కలు ముక్కలుగా వెంబడించి గళ్లు విడదీశాను. చివరికి వచ్చింది ఇది:

| తరగతి | బాలురు | బాలికలు | మొత్తం |
|---|---|---|---|
| 1 | 9 | 11 | 20 |
| 2 | 12 | 8 | 20 |
| 3 | 1 | 10 | 17 |
| 4 | 11 | ? | ? |
| 5 | 8 | 9 | 17 |
| మొత్తం | 47 | 51 | 98 |

ఇక్కడ పట్టికే సాక్ష్యం చెబుతుంది. బాలురని నిలువుగా కూడితే 41, కింద రాసింది 47. ఆరు తక్కువ. మూడో తరగతిని అడ్డంగా కూడితే 11, రాసింది 17. అక్కడా ఆరే తక్కువ. ఆ నిలువు, ఆ అడ్డం కలిసే గడిలో ఉన్న 1 నిజానికి 7 అన్నమాట. ఫొటోని పెద్దది చేసి చూస్తే పైన చిన్న కొక్కెం నీడలో కనిపించింది. ఇక మెరుపు మింగినవి. బాలికల మొత్తం 51లోంచి కనిపించే 38 తీసేస్తే 13. పదకొండుకి 13 కలిపితే 24. చివరి నిలువులో 98లోంచి 74 తీసేసినా 24 వస్తోంది. రెండు దారుల్లోనూ ఒకే అంకె వచ్చింది కాబట్టి రాసుకున్నాను, కాకపోతే వేరే రంగులో. చదివింది వేరు, లెక్కగట్టింది వేరు.

ఒక రోజు పట్టికలో అడ్డం వరుసలు రెండు తప్పాయి, నిలువు ఒక్కటీ తప్పలేదు. చదవడంలో పొరపాటైతే ఒక అడ్డమూ ఒక నిలువూ తప్పాలి. చూస్తే రెండో తరగతి మొత్తం ఒకటి ఎక్కువ వేసింది వదినే, ఆ ఒకటి నిలువునా దిగి అట్టడుగు మొత్తంలోకీ చేరింది. దాన్ని నేను దిద్దలేదు. బల్ల మీద ఉన్నది ఉన్నట్టే ఎక్కించి, పక్కన గుర్తు పెట్టి పంపాను.

ఇంకొక రోజు మెరుపు మరీ పెద్దది. మూడు, నాలుగు తరగతుల్లో బాలురు, బాలికలు, నాలుగు గళ్లూ పోయాయి. ఏ వరుస చూసినా రెండేసి ఖాళీలు. ఒకచోట ఒకటి పెంచి పక్కన ఒకటి తగ్గించినా లెక్క సరిపోతుంది, అంటే సమాధానం ఒక్కటి కాదు. ఆ నాలుగు గళ్లూ ఖాళీగానే వదిలి వదినకి ఫోన్ చేశాను. "హాజరు రిజిస్టరు బడిలో ఉంది, సోమవారం చూసి చెబుతా" అంది.