మణికట్టు దిండు టైపింగ్‌కి కాదు

కీబోర్డు ముందు పెట్టుకునే మెత్తటి దిండు మీద మణికట్టు ఆనించి గంటల తరబడి టైప్ చేసేవాళ్లు చాలామంది. హాయిగానే ఉంటుంది, కానీ చేటు అక్కడే ఉంది. అరచేయి మొదట్లో ఎముకల మధ్య ఇరుకైన దారి ఒకటుంది. అందులోంచి తొమ్మిది స్నాయుబంధనాలు, ఒక నరం వెళ్తాయి. వేళ్లు కదులుతున్నంతసేపూ కింది నుంచి దిండు ఒత్తితే ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది. పైగా మణికట్టు ఒకచోట కుదురుకుంటే, దూరపు కీల కోసం చేయి కదలక మణికట్టే పక్కకి వంగుతుంది. దిండు వాడాల్సింది టైపింగ్ ఆపినప్పుడు, అదీ అరచేతి మడమ ఆనించి.

అసలు తప్పు చాలాసార్లు బల్ల ఎత్తులో ఉంటుంది. బల్ల 74 సెంటీమీటర్లు, కూర్చున్న మనిషి మోచేయి 66 దగ్గర ఉందనుకోండి. భుజాలు పైకి లేస్తాయి, బల్ల అంచు ముంజేతిని కోస్తుంది. దిండు దీన్ని సరిచేయలేదు. బల్ల కింద ట్రే బిగించి కీబోర్డును మోచేయి ఎత్తుకు దించితే సరిపోతుంది. అయితే తొడలకు చోటు మిగలాలి, మౌస్ కూడా ట్రే మీదే పట్టాలి. లేదంటే చేయి మాటిమాటికీ పైకి చాచాల్సివస్తుంది. ఊగే ట్రే కన్నా కుర్చీ పెంచి, పాదాల కింద పీట వేసుకోవడం నయం. కీబోర్డు వెనక కాళ్లు మాత్రం మడిచేయండి, అవి మణికట్టును పైకి వంచుతాయి.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కుతుంటే మాత్రం కొత్త దిండు కొనకండి, డాక్టరుకి చూపించండి.