సముద్రం కింది సొరంగం చెప్పిన లెక్క

1994 మే నెలలో బ్రిటన్‌ను, ఫ్రాన్స్‌ను కలుపుతూ సముద్రం అడుగున 50 కిలోమీటర్ల రైలు సొరంగం ప్రారంభమైంది. దీనికి ప్రభుత్వాల ఖజానా నుంచి కాక వాటాదారుల నుంచి, బ్యాంకుల నుంచి డబ్బు సమకూర్చారు. కట్టాలని నిర్ణయించేటప్పుడు వేసిన అంచనా ప్రకారం తొలి ఏడాదే యూరోస్టార్ రైళ్లలో 1.59 కోట్ల మంది ప్రయాణించాలి. మొదటి పూర్తి సంవత్సరమైన 1995లో ఎక్కినవారు 29 లక్షల పైచిలుకు మాత్రమే. 2000 నాటికి కూడా ఆ సంఖ్య సుమారు 71 లక్షలే. ఖర్చు మాత్రం 1985 ధరల్లో 260 కోట్ల పౌండ్లు అవుతుందనుకున్నది 465 కోట్లకు చేరింది. సొరంగం తెరిచిన మరుసటి ఏడాదే యాజమాన్య సంస్థ యూరోటన్నెల్ తన అప్పుల్లో చాలావాటిపై వడ్డీ చెల్లింపులు ఆపేసింది.

ఇంజనీరింగ్‌పరంగా అద్భుతమైన ఈ నిర్మాణం డబ్బు విషయంలో ఎందుకు తలకిందులైంది? పూర్తయిన ప్రాజెక్టుకు నిజంగా ఎంత ఖర్చయింది, ఎంత రాబడి వచ్చింది అన్నది లెక్కగట్టి, మొదట్లో వేసిన అంచనా పక్కన పెట్టి చూడటాన్ని పోస్ట్ ఆడిట్ అంటారు. రశీదులు, బిల్లులు సరిచూసే మామూలు ఆడిట్‌కు దీనితో పనిలేదు. అంచనా ఎక్కడ, ఎందుకు తప్పిందో కనిపెట్టి, రాబోయే ప్రాజెక్టు అంచనాను సరిదిద్దడమే దీని ఉద్దేశం.

ఆ అంచనాకు గుండెకాయ నికర వర్తమాన విలువ. ఆర్థికరంగంలో దీన్ని ఎన్‌పీవీ అంటారు. పదేళ్ల తర్వాత చేతికొచ్చే రూపాయి ఇవాళ్టి రూపాయికి సమానం కాదు కాబట్టి, ముందు ముందు రాబోయే సొమ్మును ఒక వడ్డీ రేటుతో తగ్గించి ఈనాటి విలువకు తెస్తారు. అందులోంచి పెట్టుబడి తీసేయగా మిగిలేదే ఎన్‌పీవీ. అది సున్నా కంటే ఎక్కువైతే ప్రాజెక్టు చేపట్టవచ్చు.

సొరంగం అసలు లెక్కలు చాలా పెద్దవి. అక్కడి నిష్పత్తులనే ఒక చిన్న ఊహా లెక్కలో చూద్దాం. పెట్టుబడి 100 కోట్లు. ఏటా 16 కోట్ల చొప్పున 15 ఏళ్లు మిగులు వస్తుందని అంచనా. 10 శాతం రేటుతో ఆ మిగులు ఈనాటి విలువ దాదాపు 122 కోట్లు. అంటే ఎన్‌పీవీ 22 కోట్లు, కాగితం మీద మంచి ప్రాజెక్టే. ఇప్పుడు ఖర్చు సొరంగంలోలా 80 శాతం పెరిగి 180 కోట్లయిందని, ఏటా వచ్చేది సగానికి పడి 8 కోట్లయిందని అనుకుందాం. రాబడి ఈనాటి విలువ 61 కోట్లే. ఎన్‌పీవీ మైనస్ 119 కోట్లు.

ఇక్కడితో ఆగితే అది పోస్ట్ ఆడిట్ కాదు, నష్టం ప్రకటన మాత్రమే. ఎన్‌పీవీ 141 కోట్లు పడిపోయిందంటే, అందులో 80 కోట్లు ఖర్చు వైపు నుంచి, 61 కోట్లు రాబడి వైపు నుంచి వచ్చినవి. రెండింటి కారణాలు వేరు, మందులూ వేరు. కాలం కూడా ఒక పద్దే. సొరంగం అనుకున్నదానికంటే సుమారు ఏడాది ఆలస్యంగా తెరుచుకుంది. మన ఊహా లెక్కలో పెట్టుబడి అంతే ఉండి రాబడి ఒక్క ఏడాది వెనక్కి జరిగినా 11 కోట్లు, అంటే ఆశించిన ఎన్‌పీవీలో సగం హరించుకుపోతుంది.

ఆ తర్వాత ఒక్కో పద్దును విడదీయాలి. రాబడి అంటే మొత్తం ప్రయాణికుల సంఖ్య, అందులో మన వాటా, టికెట్ ధర, ఈ మూడింటి లబ్ధం. సొరంగం విషయంలో వాటా బాగానే దక్కింది. 2000 దశకం మధ్య నాటికి లండన్, పారిస్‌ల మధ్య విమానంలో, రైల్లో వెళ్లేవారిలో సగానికి పైగా యూరోస్టార్‌నే ఎంచుకునేవారు. దెబ్బ తగిలింది మిగతా రెండు చోట్ల. ఇంగ్లిష్ చానెల్ దాటే జనం అంచనా వేసినంత వేగంగా పెరగలేదు. పోటీకి దిగిన ఓడల కంపెనీలు ధరలు తగ్గించడంతో సొరంగమూ ఛార్జీలు తగ్గించక తప్పలేదు. తర్వాత చౌక విమానాలు వచ్చిపడ్డాయి. పోటీదారులు చేతులు కట్టుకుని కూర్చుంటారనుకోవడమే అంచనాలోని అసలు లోపం. ‘ప్రయాణికులు తక్కువ వచ్చారు’ అని రాసి వదిలేస్తే ఈ పాఠం దొరికేది కాదు.

ఇంకో మెలిక ఉంది. ప్రాజెక్టు కట్టకపోయి ఉంటే ఏమయ్యేదన్న దానితో ఫలితాన్ని పోల్చాలి. రికార్డ్ ఆంగెరా అనే పరిశోధకుడు 2006లో ప్రచురించిన అధ్యయనంలో ఈ పని చేశాడు. సొరంగం లేకున్నా ఓడలు, విమానాలు ఎలాగూ జనాన్ని చేరవేసేవి. పోటీ వల్ల ధరలు తగ్గి ప్రయాణికులు లాభపడ్డారు గానీ, ఆ లాభంలో పెద్ద భాగం సొరంగం, ఓడల యజమానుల జేబుల్లోంచి వచ్చిందే. మొత్తం మీద సొరంగం కట్టకపోయి ఉంటేనే బ్రిటిష్ ఆర్థిక వ్యవస్థకు మేలు జరిగేదని ఆయన తేల్చాడు. 1995లోనే లెక్క కట్టి ఉంటే తొలినాళ్ల తడబాటునే శాశ్వత ఫలితంగా పొరబడే ప్రమాదం ఉండేది. ఖర్చును నిర్మాణం ముగియగానే తేల్చవచ్చు గానీ, రాబడి స్థిరపడటానికి కొన్నేళ్లు ఆగాలి.

ఇలాంటి పరిశీలనలు పోగుపడితే కొత్త అంచనాలకు కొలమానం దొరుకుతుంది. బ్రిటన్ రవాణా శాఖ 2004లో చేసింది అదే. పూర్తయిన ప్రాజెక్టుల్లో ఖర్చు ఎంత పెరిగిందో చూసి, కొత్త అంచనాకు ఎంత కలపాలో సూచించింది. వంతెనలు, సొరంగాల విషయంలో బడ్జెట్ దాటే అవకాశం సగానికి సగం ఉన్నా ఫర్వాలేదనుకుంటే 23 శాతం కలపాలి. ఆ అవకాశాన్ని 20 శాతానికి తగ్గించాలంటే 55 శాతం కలపాలి. మన ఊహా లెక్కలో 100 కోట్ల పెట్టుబడికి 23 శాతం కలిపితే 123 కోట్లు. రాబడి అంచనాను ముట్టుకోకుండానే ఎన్‌పీవీ మైనస్ ఒక కోటికి దిగింది. 55 శాతం కలిపితే మైనస్ 33 కోట్లు. పాత ప్రాజెక్టుల అనుభవం పక్కనుంటే, ఈ ప్రతిపాదనను మంజూరుకు ముందే మళ్లీ ప్రశ్నించేవారు.

అయితే ప్రతి తేడాకూ అంచనా వేసినవారిని దోషులుగా చూడకూడదు. పది ప్రతిపాదనల అంచనాల్లో పొరపాట్లు ఇటూ అటూ సమానంగానే ఉన్నాయనుకుందాం. ఎన్‌పీవీ ఎక్కువ కనిపించినవాటినే మంజూరు చేస్తాం కాబట్టి, పొరపాటున ఎక్కువ చూపినవే ఎక్కువగా ఎంపికవుతాయి. నిజాయితీగా వేసిన అంచనాలున్నా, మంజూరైన ప్రాజెక్టులు సగటున నిరాశపరచడానికి ఇదొక కారణం. పైగా తప్పు దొరికితే శిక్ష అన్న భయం పుడితే, రేపటి నుంచి అంచనాలన్నీ కావాలని తక్కువ చేసి రాస్తారు. అప్పుడు మంచి ప్రాజెక్టులూ మంజూరు కావు.

కాబట్టి పోస్ట్ ఆడిట్ నిజానికి మంజూరు రోజునే మొదలు కావాలి. ఏటా ఎంతమంది వస్తారు, ఏ ధరకు, ఎంత ఖర్చుతో, ఏ తేదీకి పూర్తవుతుంది, పోటీదారులు ఏం చేస్తారని అనుకున్నాం అన్నవి అంకెలతో సహా ఆ ఫైల్లోనే రాసి పెట్టాలి. ఎన్‌పీవీ అనే ఒక్క అంకెను మాత్రమే భద్రపరిస్తే, పదేళ్ల తర్వాత అది తప్పని తెలుస్తుంది గానీ ఎందుకు తప్పిందో తెలియదు. ఆ పరిశీలన చేసేవారు ప్రాజెక్టును ప్రతిపాదించినవారు కాకూడదు. వారు తేల్చిన తేడాలు తర్వాతి ప్రతిపాదన ఫారంలో తప్పనిసరి సవరణగా చేరితేనే ఆ శ్రమకు ఫలితం ఉంటుంది.